అత్తగారివాళ్ళు మొదటిసారి భోజనానికొస్తుంటే, ఆఖరి గంటకి స్టవ్ మీద ఏం మిగలాలి

మా పెళ్ళైన నాలుగు నెలలకి మా అత్తయ్యా మామయ్యా కరీంనగర్ నుంచి హైదరాబాద్‌లో మా అద్దె ఇంటికి మొదటిసారి భోజనానికొచ్చారు, నాది తెనాలి, మా వైపు వంట ఏంటో వాళ్ళకి చూపించాలని నాకు చాలా ఆశగా ఉండేది. పదకొండు రకాలు అనుకున్నా. పులిహోర, బొబ్బట్లు, గారెలు, మామిడికాయ పప్పు, గుత్తి వంకాయ, బెండకాయ వేపుడు, కోడికూర, చికెన్ ఫ్రై, సాంబారు, గోంగూర పచ్చడి, సేమ్యా పాయసం. ఒక్కొక్కటిగా చూస్తే ఇందులో నాకు రానిదేం లేదు, అన్నీ మా అమ్మ దగ్గర చేసినవే. కానీ వాళ్ళొచ్చిన పన్నెండున్నరకి ఒక పొయ్యి మీద గారెల నూనె, రెండో దాని మీద బొబ్బట్ల పెనం, కోసిన బెండకాయ పక్కన ఎదురుచూస్తోంది, పప్పు చల్లారిపోయింది, అన్నం ఇంకా పెట్టనే లేదు, పెట్టడానికి మూడో పొయ్యి లేదు.

మామయ్యకి షుగర్. ఆయన భోజనానికి ముందు మాత్ర వేసుకుంటారు, లోపల్నుంచి నేను "ఐపోయింది మామయ్యా, ఐదు నిమిషాలు" అన్నానని పావుతక్కువ ఒంటిగంటకి వేసేసుకున్నారు. మేం విస్తళ్ళ ముందు కూర్చునేసరికి రెండూ పది. మధ్యలో ఆయనకి చెమటలు పట్టి చేతులు వణికితే అత్తయ్య సంచీలోంచి బిస్కెట్లు తీసి పెట్టింది. కొన్ని షుగర్ మాత్రలు వేసుకున్నాక తిండి ఆలస్యమైతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుందని నాకు ఆరోజే తెలిసింది. భోజనం బాగుందన్నారు, నిజంగానే బాగుంది. కానీ నేను ఒక్కో గారె వాయి దించి తెచ్చి వడ్డిస్తుంటే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని "అన్నీ మంచిగున్నయ్ గని, నువ్వెప్పుడు తింటవే బిడ్డా?" అంది. నేను తినేసరికి మూడున్నర, అప్పటికి వాళ్ళు వెళ్ళే బస్సు టైమైపోయింది, నాలుగు మాటలు కూడా సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఇన్నేళ్ళలో ఎంతోమందికి వండాక నాకర్థమైందేంటంటే, మనం మెనూ అనగానే ఎన్ని రకాలు అని లెక్కపెడతాం, అక్కడే తప్పు జరుగుతుంది. మనిషిని అలసగొట్టేది రకాల సంఖ్య కాదు, ఆఖరి గంటలో స్టవ్ మీదకి రావాల్సినవెన్ని అన్నది. పచ్చళ్ళు, పులుసులు పది చేసినా ముందు రోజే ఐపోతే ఆరోజు హాయిగా ఉంటుంది, అదే గారెలు, పూరీలు, వేపుడు మూడే పెట్టుకున్నా వచ్చినవాళ్ళకి మన వీపే కనిపిస్తుంది. అందుకే నేనిప్పుడు ఏ వంటనైనా ఒకే ప్రశ్న అడుగుతా, ఇది ఎప్పుడు తింటే బాగుంటుంది అని.

కొన్ని వంటలు ముందు రోజు చేస్తేనే బాగుంటాయి. గుత్తి వంకాయ అలాంటిది, దించగానే తింటే మసాలా వేరు కాయ వేరు అన్నట్టుంటుంది, రాత్రంతా ఉంటే చింతపండు పులుపూ ఉప్పూ కాయ లోపలికి దిగుతాయి. గోంగూర పచ్చడి కూడా రెండో రోజుకి రుచి కుదురుకుంటుంది. పులిహోర పులుసు అసలు వారం ముందు ఉడికించినా ఫ్రిజ్‌లో ఏమీ కాదు. ఇంకొన్ని పొద్దున చేసి మూతపెట్టి ఉంచితే మధ్యాహ్నానికి చెడవు, కోడికూర, పప్పు, చారు, పరమాన్నం, కలిపిన పులిహోర. మూడోరకం మాత్రం వడ్డించే ముందే చేయాలి, వేరే దారి లేదు. గారె వేడిగా ఉన్నప్పుడు లోపలి ఆవిరి బయటికొస్తూ ఉంటుంది, మూతపెడితే ఆ ఆవిరే పై కరకరని మెత్తబెట్టేస్తుంది, పోనీ పిండి ముందే రుబ్బి ఉప్పు కలిపి పెడదామంటే నీరు వదిలి జారైపోతుంది, అప్పుడు గారె నూనె తాగుతుంది. బెండకాయ వేపుడు గంట ఉంటే సాగుతుంది. పూరీ, చపాతీ, దోశ సంగతి చెప్పక్కర్లేదు. ఈ మూడో రకంలో అన్నం ఎలాగూ ఉంటుంది, ఎందుకంటే మన భోజనంలో పొగలు కక్కే అన్నం కంటే పెద్ద మర్యాద లేదు. కాబట్టి అన్నం కాక ఇంకొక్కటే, అదీ కుదిరితేనే.

ఇక "గొప్పగా ఉండాలి" అన్న మాట. దాన్ని తీసిపారేయకూడదు, మొదటిసారి వస్తున్నప్పుడు ఆ ఆశ ఉండటం న్యాయమే. కాకపోతే పెద్దవాళ్ళు దేనికి ముచ్చటపడతారో నేను గమనించినంతలో చెప్తా. ఇంట్లో తోడుపెట్టిన గడ్డ పెరుగు, ఆ వారమే కాచిన నెయ్యి, వేడి అన్నం, పలచగా ఘాటుగా చారు, ఈ నాలుగూ సరిగ్గా ఉంటే సగం భోజనం గెలిచినట్టే. వీటిమీద ఒక్క వంట, మీ పుట్టింటి చేయి కనిపించేది, మీరు కళ్ళు మూసుకుని చేయగలిగేది. మొదటిసారి వీడియో చూసి నేర్చుకునేది ఆరోజు వద్దు, ఎందుకంటే అది తేడా వస్తే ఎక్కడ సర్దాలో చెయ్యికి తెలీదు.

ఇంకోటి చాలామంది చేసే పని, అత్తగారి స్పెషల్‌నే చేసి మెప్పించాలనుకోవడం. వద్దండీ. మా అత్తయ్య పచ్చిపులుసు చేస్తే అందులో నువ్వుల పొడి, పిండిన ఉల్లిపాయ, చింతపండు పాళ్ళు ముప్పై ఏళ్ళ చేతి లెక్క, అది నేను చేస్తే ఎంత బాగా చేసినా బల్ల దగ్గర పోలిక మొదలౌతుంది, మా ఆయనా ఇబ్బంది పడతాడు, అత్తయ్యా ఇబ్బంది పడుతుంది. ఆ వంట ఆమె దగ్గరే కూర్చుని నేర్చుకునేది. నేనూ అలాగే నేర్చుకున్నా, ఆమె మళ్ళీ వచ్చినప్పుడు మా వంటింట్లోనే, పొద్దుట్నుంచి ఇద్దరం కలిసి.

ఇదంతా ఎలా పనిచేస్తుందో మా చెల్లి సంగతి తీసుకుని చెప్తా. దానికి పెళ్ళై ఏడు నెలలైంది, కూకట్‌పల్లిలో ఉంటున్నారు, ఇద్దరివీ ఉద్యోగాలు. అత్తగారివాళ్ళది రాజమండ్రి. అత్తామామలు, ఆడపడుచు, ఆమె భర్త, వీళ్ళిద్దరూ, మొత్తం ఆరుగురు, ఆదివారం మధ్యాహ్నం. రెండు పొయ్యిల స్టవ్, మూడున్నర లీటర్ల కుక్కర్, ఆదివారం పనమ్మాయి రాదు. చెల్లి నాకు పంపించిన మొదటి మెనూ చూస్తే నా పదకొండే గుర్తొచ్చాయి. చికెన్ దమ్ బిర్యానీ, చికెన్ ఫ్రై, చేపల పులుసు, గారెలు, బొబ్బట్లు, పనసపొట్టు కూర కూడా ఉంది అందులో. గోదావరి వాళ్ళకి చేపల పులుసూ పనసపొట్టూ పెడతానంటోంది!

ముందు మెనూ పక్కన పెట్టించి అత్తగారికి ఫోన్ చేయమన్నా. మొగుణ్ణి అడిగితే "మా అమ్మ అన్నీ తింటుంది" అంటాడు, అందరి మొగుళ్ళూ అంతే, వాళ్ళు పెద్దగా గమనించరు. అత్తగారినే అడిగితే ఆమెకీ బాగుంటుంది. ఆ ఆదివారం ఏమైనా ఉపవాసమా, నాన్‌వెజ్ తినే రోజేనా, కార్తీకమో శ్రావణమో నడుస్తుంటే మరీ అడగాలి. మామూలుగా ఎన్నింటికి తింటారు, మాత్రలున్నాయా. కారం ఎంత తింటారు, ఏవైనా పడనివున్నాయా. ఇంతే అడగాల్సింది. "ఏం చేయమంటారు" అని మాత్రం అడగొద్దు, "ఏదో ఒకటి చేసెయ్యమ్మా" అంటారు, దాంతో పనికొచ్చేదేం తెలీదు. చెల్లి అడిగితే తెలిసినవి ఇవి. మామగారికి బీపీ, ఉప్పు తగ్గించి తింటారు, ఒంటిగంటకల్లా భోజనం చేస్తారు. అత్తగారికి కింది పళ్ళు కట్టుడువి, గట్టివి నమల్లేరు. ఆడపడుచు మాంసం తినదు, గుడ్డూ తినదు. ఈ నాలుగు మాటలతో చికెన్ ఫ్రై ఎగిరిపోయింది, బిర్యానీ కూడా పోయింది, ఎందుకంటే బిర్యానీ చేస్తే ఆడపడుచుకి వేరే వంట మొత్తం చేయాలి. పైగా కిలో చికెన్‌తో దమ్ ఇంట్లో గిన్నెలో పెడితే అడుగు మాడిందో లేదో మూత తీసేదాకా తెలీదు, తీశాక తెలిసినా లాభం లేదు.

చివరికి మిగిలిన మెనూ ఇదీ. పరమాన్నం, పులిహోర, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గుత్తి వంకాయ, కోడికూర, మిరియాల చారు, పెరుగు, అప్పడాలు. చదివితే నిండుగానే ఉంది కదా, కానీ ఇందులో ఆఖరి గంటలో చేయాల్సింది అన్నం ఒక్కటే. కోడికూర తీసేసినా భోజనం పూర్తిగా ఉంటుంది కాబట్టి ఆడపడుచుకి విడిగా ఏమీ చేయక్కర్లేదు, ఆమెకి తనకోసం వేరే పెట్టారన్న మొహమాటమూ ఉండదు. ముద్దపప్పులో ఉప్పు తక్కువేసి గోంగూర కలుపుకునేవాళ్ళని కలుపుకోమంటే మామగారికీ సరిపోతుంది.

కొలతలు కూడా చెప్తా, ఎందుకంటే భయంతో రెట్టింపు వండేయడం వల్లే సగం పని పెరుగుతుంది. ఆరుగురు పెద్దవాళ్ళకి ఇన్ని రకాలున్నప్పుడు పరమాన్నానిది కాక మొత్తం బియ్యం ముప్పావు కిలో చాలు, అందులో పులిహోరకి 300 గ్రాములు, తెల్లన్నానికి 450. కందిపప్పు 200 గ్రాములు. ఐదుగురే తినేవాళ్ళైనా చికెన్ కిలో తెచ్చుకోవచ్చు, ముక్క తక్కువైందన్న మాట రాకూడదు. చిన్న వంకాయలు పన్నెండు నుంచి పధ్నాలుగు, మనిషికి రెండు, పైన రెండు. పెరుగుకి లీటరు పాలు, పరమాన్నానికి ఇంకో లీటరు.

శుక్రవారం రాత్రి చెల్లి గోంగూర ఆకు తుంచి కడిగి బట్ట మీద ఆరబెట్టి పచ్చడి చేసేసింది, ఆకులో తడి ఉంటే నిలవుండదు కాబట్టి ఫ్యాన్ కింద బాగా ఆరనివ్వాలి. శనివారం సాయంత్రం అసలు పని, రెండున్నర గంటలు పట్టింది. గుత్తి వంకాయ ముందు. తొడిమ ఉంచి కింది వైపు నుంచి నాలుగు పక్షాలుగా చీరి ఒక్కో కాయ విప్పి లోపల పురుగుందేమో చూడాలి, ఇది ఎవరికీ అప్పజెప్పకూడదు. చీరిన కాయ ఉప్పునీళ్ళలో వెయ్యకపోతే పది నిమిషాల్లో నల్లబడుతుంది. వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, ఎండుమిర్చి, కాస్త చింతపండు, చిటికెడు బెల్లం, ఇవి ముద్దలా రుబ్బి కూరి, మిగిలిన ముద్ద నీళ్ళలో కలిపి పైన పోసి సన్నమంట మీద మూతపెట్టి, నూనె పక్కలకి తేలేదాకా. కరెంటు పోతే మిక్సీ ఆడదు కాబట్టి రుబ్బేవన్నీ, అల్లం వెల్లుల్లితో సహా, శనివారమే ఐపోవాలని గట్టిగా చెప్పా.

రెండో పొయ్యి మీద పులిహోర పులుసు. 300 గ్రాముల బియ్యానికి 40 గ్రాముల చింతపండు, అంటే పెద్ద నిమ్మకాయంత కంటే కొంచెం ఎక్కువ, చిక్కగా పిండి పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు, బెల్లం ముక్క వేసి గరిటె వెనకవైపు అంటుకునేంత దగ్గరయ్యేదాకా ఉడకాలి. ఇక్కడ జరిగే తప్పు, పులుసు పలచగా ఉండగానే దించేయడం. అది అన్నంలో కలిపితే అన్నం తడిసి ముద్దౌతుంది, పొడిపొడిగా రాదు.

రాత్రి తొమ్మిదికి పెరుగు తోడు. వేలు పెడితే వెచ్చగా తగలాలి గానీ కాలకూడదు, మరీ వేడిలో తోడేస్తే పెరుగు నీళ్ళు వదిలి పుల్లబడుతుంది. తోడుకున్నాక పొద్దున లేవగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. చలికాలమైతే తోడేసిన గిన్నెని హాట్‌ప్యాక్‌లో పెట్టండి, లేకపోతే పొద్దునకి పాలలాగే ఉంటుంది. చికెన్‌కి పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టింది. గుత్తి వంకాయ చల్లారాక అదీ ఫ్రిజ్‌లోకే.

ఆదివారం పొద్దున వాళ్ళిద్దరికీ టిఫిన్ బయట్నుంచి ఇడ్లీ. ఆరోజు మీరు మీకోసం స్టవ్ ముట్టుకోవద్దు, ఖాళీ కడుపుతో వండనూ వద్దు, రుచి చూడ్డానికి కూడా నాలుక సరిగ్గా పనిచేయదు. ఎనిమిదికి పులిహోర అన్నం, గ్లాసు బియ్యానికి గ్లాసు ముప్పావు నీళ్ళు, పాత బియ్యమైతే రెండు. ఉడకగానే వెడల్పాటి పళ్ళెంలో పోసి పసుపు, రెండు చెంచాల నూనె వేసి ఆరబెట్టి, ఆరాకే పులుసు కలిపి పైన పల్లీలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు. కలిపినప్పుడు ఉప్పూ పులుపూ ఒక పిసరు ఎక్కువగా అనిపించాలి, రెండు గంటల్లో అన్నం పీల్చుకుని సరిగ్గా వస్తుంది. అప్పుడే సరిగ్గా ఉందంటే వడ్డించేసరికి చప్పగా ఉంటుంది.

ఎనిమిదిన్నరకి అదే కుక్కర్ కడిగి పప్పు, తొమ్మిదికి పెద్ద పొయ్యి మీద కోడికూర. మా వైపు కారం చేయి ఎక్కువ, రాజమండ్రి వాళ్ళకి అంత వద్దని మామూలుగా వేసేదానికి మూడో వంతు తగ్గించమన్నా, కూరలో గసగసాలూ కొబ్బరీ వేస్తే చిక్కదనం వస్తుంది, కారం తక్కువైనా లోటు తెలీదు. ముక్క బాగా మెత్తబడేదాకా ఉడికించింది, అత్తగారి పళ్ళ కోసం. పది దాటాక పరమాన్నం.

పరమాన్నం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి వచ్చినవాళ్ళ ముందు విరిగేది అదే. లీటరు పాలు, సగం గ్లాసు బియ్యం, 200 గ్రాముల బెల్లం. మరుగుతున్న పాలల్లో బెల్లం వేస్తే, బెల్లంలో ఉండే పులుపుకి ఆ వేడి తోడై పాలు విరిగిపోతాయి, ఒక్క నిమిషంలో తెల్లగా గింజలు గింజలుగా కనిపిస్తుంది. అందుకని బెల్లం విడిగా సగం గ్లాసు నీళ్ళలో కరిగించి, ఇసుక ఉంటుంది కాబట్టి వడకట్టి, అన్నం పాలల్లో మెత్తగా ఉడికాక స్టవ్ ఆపేసి, పది నిమిషాలు ఆగి, రెండూ గోరువెచ్చగా ఉన్నప్పుడు కలపాలి. కలిపాక మళ్ళీ స్టవ్ మీద పెట్టొద్దు. చల్లారేకొద్దీ అన్నం పాలు పీల్చుకుని గట్టిపడుతుంది, చెల్లి "అక్కా, ఇదేంటి హల్వాలా ఐపోయింది" అని పదకొండున్నరకి ఫోన్ చేసింది. ఏం కాలేదు, కప్పు పాలు కాచి గోరువెచ్చగా చేసి కలిపితే మళ్ళీ జారుగా వస్తుంది. ఆ కప్పు పాలు ముందే పక్కన పెట్టుకోవడం మాత్రం నేను చెప్పడం మర్చిపోయా, వాళ్ళాయన కిందకి పరిగెత్తి ప్యాకెట్ తెచ్చాడు.

పదకొండుకల్లా అప్పడాలు వేయించి ఆరాక స్టీలు డబ్బాలో గట్టిగా మూతపెట్టేసింది. చాలామంది అప్పడాలు వేడిగానే వెయ్యాలనుకుంటారు, అక్కర్లేదు, పూర్తిగా ఆరాక గాలి తగలకుండా పెడితే రెండు గంటలు కరకరలాడుతూనే ఉంటాయి. వానాకాలంలో మాత్రం డబ్బా మాటిమాటికీ తెరవొద్దు. చారు కూడా కాచేసింది గానీ పోపు పెట్టలేదు. తర్వాత వంటిల్లు తుడిచి, వాడిన గిన్నెలన్నీ కడిగేసి, స్నానం చేసి చీర కట్టుకునేసరికి పన్నెండు. ఈ ముప్పావుగంట ఖాళీ ఉండేలా చూసుకోవడం మెనూలో భాగమే, అది మిగలట్లేదంటే ఒక వంట తీసేయండి. కాగితం మీద పన్నెండు నుంచి ఒంటిగంట దాకా రెండు పొయ్యిల కింద ఏమేమున్నాయో రాసుకుంటే తెలిసిపోతుంది, ఒకే పొయ్యి కింద ఒకే టైములో రెండు పేర్లు పడితే అందులో ఒకటి ఆ రోజుకి పనికిరాదు. గ్యాస్ కూడా, రెండో సిలిండర్ నిండుగా ఉందో లేదో వారం ముందే చూసుకోవాలి. మా స్నేహితురాలికి కోడికూర సగంలో గ్యాస్ ఐపోతే పక్కింటి నుంచి సిలిండర్ మోసుకొచ్చే పని భోజనానికొచ్చిన వాళ్ళ మామగారి మీద పడింది.

వాళ్ళు పన్నెండుంబావుకి వచ్చారు. మంచినీళ్ళు, పలచటి మజ్జిగలో కొత్తిమీర, ఉప్పు తక్కువగా. ముందుగా స్నాక్స్ ఏమీ పెట్టొద్దన్నా, పకోడీలో మిక్చరో పెడితే ఒంటిగంటకి ఆకలుండదు, ఆ తర్వాత మనం చేసినవన్నీ కొసరి కొసరి పెట్టాలి. బెల్ మోగగానే చారుకి పోపు పెట్టింది, నెయ్యిలో మిరియాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు. లోపలికొచ్చేవాళ్ళకి ముందు తగిలేది ఆ వాసనే, వాళ్ళ మామగారు చెప్పులు విప్పుతూనే "చారా అమ్మా?" అన్నారట. పన్నెండూ ఇరవైకి నానబెట్టిన బియ్యం కుక్కర్‌లో పెట్టింది. పన్నెండూ నలభైకి ఒక పొయ్యి మీద కోడికూర, ఇంకోదాని మీద గుత్తి వంకాయ పావు గ్లాసు వేడినీళ్ళు చిలకరించి సన్నమంట మీద. వంకాయని గరిటెతో తిప్పొద్దు, గిన్నె పట్టుకుని కుదపాలి, లేకపోతే తొడిమలూడి గుజ్జౌతుంది. కోడికూర ఊరికే వెచ్చబడితే చాలదు, మధ్యలో బుడగలు రావాలి, పొద్దుట్నుంచి బయటే ఉంది కదా.

వడ్డన గురించి ఒక మాట. మన ఇళ్ళల్లో మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు తర్వాత అనే అలవాటు ఇంకా ఉంది, అలా రెండు బంతులు పెడితే కోడలు రెండో బంతి ఐపోయాక తింటుంది. చెల్లి గిన్నెలన్నీ బల్ల మీద మధ్యలో పెట్టేసి, మొదటి వాయి అందరికీ తనే వడ్డించి, పరమాన్నం, పులిహోర, అప్పడం, పప్పులో నెయ్యి, తర్వాత తన కంచం పెట్టుకుని ఆడపడుచు పక్కన కూర్చుంది. దీనికి అన్నం హాట్‌ప్యాక్‌లో ఉండాలి, నీళ్ళ జగ్గు నిండుగా ఉండాలి, పెరుగు ముందే ఫ్రిజ్ నుంచి బయటపెట్టాలి, ఒక్కటి లోపల మర్చిపోయినా మళ్ళీ లేవాల్సిందే. వాళ్ళ అత్తగారికి మొదట కొంచెం కొత్తగా అనిపించిందట, కోడలు పక్కనే కూర్చుని తింటుంటే. మూడు ముద్దలయ్యాక ఆవిడే వంకాయ గిన్నె అందుకుని దీని కంచంలో ఒక కాయ వేసి "గుంటూరు వాళ్ళు పల్లీలు కాస్త ఎక్కువేస్తారేంటమ్మా?" అని అడిగారు. అక్కణ్ణుంచి ఆవిడ వాళ్ళమ్మ నువ్వులే ఎక్కువ వేసేదని, రాజమండ్రిలో లేత వంకాయలు ఏ నెలలో వస్తాయని, పనసపొట్టు ఎలా కొట్టాలని, మాటలు రెండున్నర దాకా నడిచాయట. పనసపొట్టు కూర సంక్రాంతికి వెళ్ళినప్పుడు నేర్పిస్తానన్నారు.

తీపి విషయంలో చెల్లి ఇంకో సందేహం అడిగింది, బయట్నుంచి ఏమీ కొనకూడదా అని. నిక్షేపంగా కొనచ్చు. వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు కొన్నవే పెట్టింది. బొబ్బట్లు మనసులో ఉంటే మంచి షాపులో తెచ్చి నెయ్యి వేసి పెనం మీద వెచ్చబెట్టి పెట్టండి, కొన్నవని చెప్పండి. కూర, పప్పు మాత్రం కర్రీ పాయింట్ నుంచి తేవొద్దు, ఉప్పూ నూనే మన చేతిలో ఉండవు, బీపీ ఉన్నాయన భోజనం అది.

నాలుగున్నరకి చెల్లి ఫోన్ చేసింది, గొంతులో అలసట లేదు. గోంగూర పచ్చడి సీసాలో పెట్టిచ్చింది, పులిహోర మిగిలితే రాత్రి రైల్లో తింటామని అత్తగారే డబ్బాలో సర్దుకున్నారు. చికెన్ ఒక గిన్నెడు మిగిలింది, ముప్పావు కిలో తెచ్చుంటే సరిపోయేది. వంకాయలు పధ్నాలుగులో ఒక్కటి కూడా మిగల్లేదట, "అక్కా, ఈసారి ఇరవై చేస్తా, మనిషికి రెండు అన్న నీ లెక్క తప్పు" అంది.